నిద్ర మాత్ర మార్చబోతున్నారా?

రాత్రి పదింటికి పక్క ఎక్కితే పదకొండున్నరకు గానీ కన్ను మూతపడదు. రెండింటికల్లా మళ్లీ మెలకువ. కల్లంలో ఆరబోసిన కాయలు, పైన మబ్బు, గుంటూరు యార్డులో పడిపోయిన రేటు, కౌలు బాకీ, అమ్మాయి కాలేజీ ఫీజు అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తాయి. నాలుగింటికి కాస్త కునుకు పట్టేసరికి లేవాల్సిన వేళవుతుంది. ఇలా ఓ నెల గడిచాక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లారు. ఆయన చిన్న మాత్ర ఇచ్చాడు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. అది మూడేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఆ మాత్ర డబ్బాలో లేదని తెలిస్తే పొద్దు గూకకముందే కంగారు మొదలవుతుంది. పోనీ, వేసుకున్న రోజైనా మునుపటి నిద్ర ఉందా? లేదు.

ఈ కథ మీది కావచ్చు, మీ అమ్మగారిదో మామగారిదో కావచ్చు. పల్నాడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తీ మిరపా పండించే ఏ ఊళ్లో అడిగినా ఇలాంటి డబ్బా ఉన్న ఇల్లు ఒకటైనా దొరుకుతుంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు ఫోన్ చేసి, “నాన్నా, కొత్త రకం నిద్ర మాత్రలు వచ్చాయి, అలవాటు పడవంట, పాతవి పారేసి అవి వేసుకో” అంటున్నారు. పిల్లలు చెప్పినదాంట్లో సగం నిజం. “పాతవి పారేసి” అన్న మిగతా సగం మాత్రం మిమ్మల్ని ఆసుపత్రి పాలు చేయగలదు. ఈ అధ్యాయమంతా ఆ సగం గురించే.

రెండు మాత్రలూ చేసే పని ఒకటి కాదు

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. కానీ ఈ కాస్తా తెలియకపోతే తర్వాత చెప్పే జాగ్రత్తలు వట్టి ఆంక్షల్లా అనిపిస్తాయి.

పాత మాత్రలు, అంటే ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్, నైట్రాజెపామ్ లాంటివన్నీ బెంజోడయాజెపైన్లనే కుటుంబానికి చెందినవి. 1960లో వీటిలో మొదటిది, 1963లో డయాజెపామ్ మార్కెట్లోకి వచ్చాయి. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. అది నరాల పనిని నెమ్మదింపజేస్తుంది. ఈ మాత్రలు దాని బలాన్ని మెదడంతటా ఒకేసారి పెంచుతాయి. నిద్ర వస్తుంది, దానితో పాటే జ్ఞాపకం, నడకలో నిలకడ, కండరాల బిగువు అన్నీ ఒక్కసారే తగ్గుతాయి. జోల్పిడెమ్ ఈ కుటుంబంలోది కాకపోయినా పనిచేసే చోటు మాత్రం అదే.

కొత్త మాత్రల దారి వేరు. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు సకురాయ్, యనగిసావా బృందమూ, విడిగా మరో బృందమూ మెదడులో ఒక పదార్థాన్ని కనుగొన్నాయి. దాని పేరు ఒరెక్సిన్. మనల్ని మెలకువగా ఉంచడం దాని పని. మరుసటి ఏడాదే, నిలుచున్నచోటే నిద్రలో పడిపోయే జబ్బున్న కుక్కల్లో ఈ ఒరెక్సిన్‌ను అందుకునే గ్రాహకం చెడిపోయి ఉందని తేలింది. అలాగైతే ఆ గ్రాహకాన్ని రాత్రిపూట మాత్రం కాసేపు మూసిపెడితే నిద్ర వస్తుంది కదా అన్న ఆలోచన నుంచి పుట్టినవే ఈ మందులు. సువోరెక్సాంట్‌కు 2014లో, లెంబోరెక్సాంట్‌కు 2019లో, డారిడోరెక్సాంట్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. లెంబోరెక్సాంట్‌ను కనిపెట్టిన జపాన్ కంపెనీ ఐసాయ్‌కి మన విశాఖపట్నం దగ్గర పరవాడలో ఫ్యాక్టరీ కూడా ఉంది.

పొలం భాషలో చెప్పాలంటే, పాత మాత్ర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకుతుంది, కొత్త మాత్ర ఒక్క మోటారు స్టార్టరు ఆపుతుంది. ఫ్యూజు పీకితే మోటారూ ఆగుతుంది, ఇంట్లో దీపమూ ఆరుతుంది. ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఏళ్ల తరబడి పాత మాత్ర వేసుకున్న మెదడు ఆ మాత్రకు తగ్గట్టు తనను తాను సర్దుకుని ఉంటుంది. మాత్ర ఒక్కసారి ఆగితే ఆ సర్దుబాటు బెడిసికొట్టి నరాలన్నీ రెచ్చిపోతాయి. కొత్త మాత్ర గాబా జోలికే వెళ్లదు కాబట్టి ఆ రెచ్చిపోవడాన్ని అది ఆపలేదు. అందుకే పాతదాని బదులు కొత్తది అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

1. ముందు మీ డబ్బాలో ఉన్నది ఏమిటో తెలుసుకోండి

స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు మందు. అది చదవడానికి కళ్లజోడు కావాల్సి వస్తే మనవడిని పిలవండి. “లామ్” అనో “పామ్” అనో ముగిస్తే చాలావరకు పాత కుటుంబమే. “రెక్సాంట్” అని ముగిస్తే కొత్తది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, నిద్ర మాత్ర అని ఇచ్చినదాన్ని మాత్రమే చూడడం. మీకు గ్యాస్‌కని, పొట్ట నొప్పికని ఇచ్చిన మాత్రలో క్లిడినియమ్‌తో పాటు క్లోర్‌డయాజెపాక్సైడ్ ఉండొచ్చు. అది ఈ కుటుంబంలో అందరికంటే ముందు వచ్చిన మందు. గుండె దడకు ఇచ్చిన దాంట్లో ప్రొప్రనొలాల్‌తో కలిపి ఆల్ప్రజోలామ్ గానీ క్లోనాజెపామ్ గానీ ఉండొచ్చు. మనసు బాగోలేదని ఇచ్చిన దాంట్లో ఎసిటలోప్రామ్‌తో పాటు క్లోనాజెపామ్ ఉండొచ్చు. “నాకు నిద్ర మాత్ర అలవాటు లేదండీ, గ్యాస్ మాత్ర ఒక్కటే” అనే పెద్దాయన ఆరేళ్లుగా వేసుకుంటున్నది ఇదే కావచ్చు. గ్యాస్ మాత్ర మానేసిన కొన్ని రోజులకు చేతులు వణికితే ఎవరికి అనుమానం వస్తుంది?

బెంజోడయాజెపైన్లలో చాలావాటినీ, జోల్పిడెమ్‌నూ కేంద్ర ప్రభుత్వం హెచ్1 షెడ్యూలులో చేర్చింది. 2014 మార్చి 1 నుంచి ఇది అమల్లో ఉంది. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉండాలి. మందుల షాపువాళ్లు డాక్టరు పేరు, మీ పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య ప్రత్యేకంగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ అడగకుండా షాపులో చేతికిస్తే అది మీకు చేసిన సాయం అనుకోకండి. ఆ చీటీ అడగని చేతి నుంచే మూడు వారాలు వాడాల్సిన మందు మూడేళ్లకు పాకుతుంది.

2. పాత మాత్రను ఒక్క రాత్రిలో ఆపకండి

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. చిలకలూరిపేట పక్కన పల్లె. అత్తగారికి అరవై రెండేళ్లు. నాలుగేళ్లుగా రోజూ రాత్రి ఆల్ప్రజోలామ్ 0.5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. రాత్రి మూత్రానికి లేచి పెరట్లోకి వెళ్తూ రెండుసార్లు తూలి గోడ పట్టుకున్నారు. ఈ మాత్రలు వాడే పెద్దవాళ్లలో పడిపోవడం, తుంటి ఎముక విరగడం ఎక్కువని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. కోడలికి భయమేసింది. ఊరినుంచి వచ్చిన ఆడబిడ్డ లెంబోరెక్సాంట్ స్ట్రిప్పు తెచ్చింది.

“అత్తయ్యా, ఇక ఆ పాతది వద్దు. ఈ రాత్రి నుంచి ఇదే.”

“ఏదైతే ఏముందిలే అమ్మా, నిద్ర పడితే చాలు.”

మొదటి రాత్రి కాస్త ఫరవాలేదు. రెండో రాత్రి రెప్ప వాలలేదు. మూడో రోజు ఒళ్లంతా చెమట, గుండె దడ, చేతుల్లో సన్నటి వణుకు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారు. “కొత్త మాత్ర పడలేదు” అని ఇంట్లో తేల్చేశారు. మళ్లీ పాతది, ఈసారి రెండు మాత్రలు. ఆవిడ ఒకే వారంలో రెండు మెట్లు కిందికి జారారు.

ఇక్కడ తప్పు కొత్త మాత్రది కాదు. ఆ లక్షణాలన్నీ ఆల్ప్రజోలామ్ ఆగిపోయినందుకు వచ్చినవి. ఆల్ప్రజోలామ్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు 11 గంటలు చాలు. అందుకే మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే ఇవి బయటపడతాయి. డయాజెపామ్ అయితే రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆలస్యంగా, ఒక్కోసారి వారం దాటాక వస్తాయి. ఎక్కువ మోతాదు వాడేవాళ్లలో ఫిట్స్ కూడా రావచ్చు, మనిషి పొంతన లేకుండా మాట్లాడొచ్చు, లేనివి కనబడొచ్చు.

ఇది పుస్తకాల్లో భయం కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల్లో చేరారు. తాము మత్తుమందు తాగుతున్నామని వాళ్లలో చాలామందికి తెలియదు. మందు ఒకటే, మెదడు ఒకటే. అది కల్లు ముంతలో వచ్చిందా, స్ట్రిప్పులో వచ్చిందా అన్నది మెదడుకు పట్టదు.

మరి ఎలా ఆపాలి? మెట్టు మెట్టుగా. ఆ అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇలాంటి దారి వేయవచ్చు. 0.25 మాత్ర ఒకటి, దానితో పాటు మరో 0.25 మాత్రలో సగం. అంటే 0.375తో రెండు నుంచి నాలుగు వారాలు. తర్వాత 0.25 ఒక్కటే, మళ్లీ అన్ని వారాలు. తర్వాత అందులో సగం. కిందికి వచ్చేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుందని గమనించారా? 0.5 నుంచి 0.375కి తగ్గడమంటే నాలుగో వంతు, 0.25 నుంచి 0.125కి అంటే ఏకంగా సగం. కాబట్టి చివరి మెట్ల మీద ఎక్కువ రోజులు ఆగాలి. ఇంకా సన్నగా తగ్గించాల్సి వస్తే డాక్టరు ఆల్ప్రజోలామ్‌ను డయాజెపామ్‌కు మార్చి, దాని 2 మిల్లీగ్రాముల మాత్రలతో దించుతారు. ఎక్కువ మోతాదులో ఏళ్లుగా వాడేవాళ్లకు ఇంకా చిన్న మెట్లు కావాలి. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి ఉన్నదాంట్లో 5 నుంచి 10 శాతం తగ్గించడం మొదలుపెట్టడానికి మంచి వేగం. మొత్తం మీద మూడు నాలుగు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది, అంతకు పైన కూడా. ఈ అంకెలు మీరు సొంతంగా పాటించడానికి కాదు. “వారంలో ఆపేయండి” అని ఎవరైనా అంటే, ఆ మాట సరి కాదని గుర్తుపట్టడానికి.

ఈ దిగడంలో మూడు పొరపాట్లు పదే పదే జరుగుతాయి. మొదటిది, “ఎస్ఆర్” అని రాసి ఉన్న మాత్రను విరగ్గొట్టడం. అది నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్ర, విరిస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. రెండోది, రాత్రి విడిచి రాత్రి వేసుకోవడం. తగ్గిస్తున్నామన్న తృప్తి ఉంటుంది గానీ, ఆల్ప్రజోలామ్ లాంటి తొందరగా దిగిపోయే మందుతో ఇలా చేస్తే ప్రతి రెండో రాత్రీ మెదడు కొత్తగా అల్లాడుతుంది. రోజూ ఒకే కొలత, ఒకే వేళ, కొలత తగ్గించడం మాత్రమే నెమ్మదిగా. మూడోది, కోత పనుల మధ్యలో మొదలుపెట్టడం. జనవరి నుంచి కాయ కోతలు, కల్లాలు, యార్డు తిరగడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. తగ్గించడం ఆ ఒత్తిడి లేని నెలల్లో మొదలుపెడితే నిలుస్తుంది.

ప్రతి మెట్టు దిగాక కొన్ని రాత్రులు నిద్ర చెడుతుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, తగ్గించినందుకు మెదడు చూపించే నిరసన. సాధారణంగా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అదే మెట్టు మీద ఇంకొన్ని వారాలు ఆగండి, పైకి మాత్రం ఎక్కకండి. వణుకు ఎక్కువైతే, మాట తడబడితే, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేసి గుంటూరు లేదా ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లండి. “ఈ మాత్ర ఇన్నేళ్లు వాడి మానేశాం” అన్న మాట మొట్టమొదట చెప్పండి. అది చెప్పకపోతే డాక్టర్లు వేరే కారణాల కోసం వెతుకుతూ గంటలు పోగొడతారు.

మన ప్రాంతానికి ఒక హెచ్చరిక అదనంగా చెప్పాలి. చేలో పురుగుమందు కొట్టి వచ్చిన సాయంత్రం చెమటలు పట్టి ఒళ్లు వణికితే అన్నిసార్లూ అది మాత్ర మానేసినందుకే అనుకోకండి. నోట్లో చొంగ కారుతుంటే, కంటిపాప సూది మొనంత చిన్నదైతే, వాంతులు విరేచనాలు అవుతుంటే అది పురుగుమందు ఒంట్లోకి పోయిన లక్షణం. అప్పుడు క్షణం ఆగకూడదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పురుగుమందు డబ్బా కూడా చేత పట్టుకెళ్లండి.

3. కొత్త మాత్ర వేసుకునే పద్ధతి

పాత మాత్రకు అలవాటు పడని మనిషికి, డాక్టరు చూసి మందు కావాలని తేల్చాక, మొదట ఏది ఇవ్వాలి అంటే నా మొగ్గు కొత్త రకం వైపే. ముఖ్యంగా యాభై ఐదు దాటినవాళ్లకు, రాత్రి మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ పట్టనివాళ్లకు. 55 ఏళ్లు దాటినవాళ్ల మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో లెంబోరెక్సాంట్ రాత్రి రెండో సగంలో కూడా నిద్రను జోల్పిడెమ్ కంటే బాగా నిలబెట్టింది. అర్ధరాత్రి లేపి నిలబెడితే ఒళ్లు తూలడం జోల్పిడెమ్ వేసుకున్నవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ఏడాది పాటు లెంబోరెక్సాంట్ వాడి ఆపినవాళ్లలో పాత మాత్రల తరహా వణుకు, చెమటలు కనిపించలేదు. అలాగని ఇది మాయ మందు కాదు. నిద్ర పట్టే వేళను కొన్ని నిమిషాలు ముందుకు జరుపుతుంది, మెలకువను కొంత తగ్గిస్తుంది. ఫ్యూజు పీకినట్టు దబ్బున పడేయదు. పాత మాత్రకు అలవాటు పడ్డవాళ్లు మొదటి రాత్రే “దీనికి పవర్ లేదు” అని పెదవి విరుస్తారు. ఆ మత్తు రాకపోవడమే దీని గుణం అని ముందే చెప్పుకుని ఉంచండి.

లెంబోరెక్సాంట్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, 10కి మించకూడదు. సువోరెక్సాంట్ 10తో మొదలై 20 దాటకూడదు. రాత్రికి ఒక్కసారే, సరిగ్గా పడుకోబోయే ముందు. ఇక్కడే మన పల్లె దినచర్యతో చిక్కు వస్తుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు కడుపు నిండా అన్నం, మాంసం కూర తిని, పది నిమిషాల్లో మాత్ర వేసుకున్నారనుకోండి. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద ఈ మందు పనిచేయడం గంటన్నర, రెండు గంటలు ఆలస్యమవుతుంది. పదకొండైనా నిద్ర రాదు. “పనిచేయలేదు” అని ఇంకో మాత్ర వేసుకుంటారు. తెల్లారి రెండూ కలిసి ఒంటి మీద పడతాయి. భోజనం ఏడింటికల్లా ముగించండి. రెండో మాత్ర ఎప్పుడూ వద్దు.

ఇంకో సందర్భం. కల్లం దగ్గర కాపలా పడుకున్నారు. రాత్రి ఒంటిగంటకు చినుకు పడితే లేచి కాయల మీద పరదాలు కప్పారు. ఇక నిద్ర పట్టదని జేబులో ఉన్న మాత్ర వేసుకున్నారు. ఐదింటికి ట్రాక్టరెక్కి టిక్కీలతో గుంటూరు బయల్దేరారు. ఈ మాత్ర వేసుకుంటే కనీసం ఏడు గంటల పడక ఉండాలి. లెంబోరెక్సాంట్ ఒంట్లో సగానికి తగ్గడానికి 17 గంటల పైనే పడుతుంది, సువోరెక్సాంట్‌కు 12 గంటలు. నరసరావుపేట రోడ్డు మీద ఆరింటికి స్టీరింగ్ పట్టుకుని కునికితే ఏమవుతుందో నేను వర్ణించక్కర్లేదు. కాపలా రాత్రుల్లో, తెల్లారుజామున బండి తోలాల్సిన రాత్రుల్లో ఏ నిద్ర మాత్రా వద్దు. కొత్తది మొదలుపెట్టిన తొలి వారం పగలు కూడా మోటారు సైకిలు, ట్రాక్టరు జాగ్రత్త. పొద్దున మీరెలా ఉన్నారో చూసుకున్నాకే ఎక్కండి.

మద్యం సంగతి ఒక్క మాటలో: రెండు రకాల మాత్రలతోనూ వద్దు. పాత మాత్రతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

4. తామర మందు, టీబీ మందు డాక్టరుకు చెప్పండి

దీన్ని ఎవరూ అడగరు, మీరూ చెప్పరు. పత్తి చేలల్లో, మిరప చేలల్లో చెమటతో తడిసి పనిచేసేవాళ్లకు తొడల దగ్గర, నడుం దగ్గర తామర మామూలు. దానికి ఇట్రాకొనజోల్ అనే గొట్టాలు వారాల తరబడి వాడుతున్నారు. లెంబోరెక్సాంట్‌నైనా, సువోరెక్సాంట్‌నైనా కాలేయంలోని ఒక ఎంజైము విరగ్గొడుతుంది. ఇట్రాకొనజోల్ ఆ ఎంజైమునే ఆపేస్తుంది. 5 మిల్లీగ్రాములు వేసుకున్నా ఒంట్లో మందు మామూలుగా ఉండేదానికి కొన్ని రెట్లు నిలిచిపోతుంది. పొద్దున పదింటికి కూడా కళ్లు తెరవలేరు. ఆల్ప్రజోలామ్‌ను కూడా ఆ ఎంజైమే విరగ్గొడుతుంది కాబట్టి ఇట్రాకొనజోల్ వాడేటప్పుడు అదీ కూడదు. ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్, బీపీకో గుండెకో ఇచ్చే డిల్టియాజెమ్, వెరపామిల్ కూడా ఇదే తీరు.

టీబీకి వాడే రిఫాంపిసిన్‌ది దీనికి ఎదురు దారి. అది ఆ ఎంజైమును రెచ్చగొడుతుంది, నిద్ర మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే అవుతుంది. మాత్ర పనిచేయడం లేదని మోతాదు పెంచుకుంటూ పోవడం అక్కడ తప్పు. కాలేయం బాగా చెడినవాళ్లకు లెంబోరెక్సాంట్ అసలు ఇవ్వరు. తాగుడు అలవాటు ఉన్నవాళ్లు కాలేయ పరీక్ష చేయించుకోకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

5. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపిస్తే

కొత్త మాత్రలు వాడేవాళ్లలో కొద్దిమందికి ఒక వింత అనుభవం కలుగుతుంది. మెలకువ వస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి. గది కనిపిస్తుంది, పక్కన పడుకున్న మనిషి గురక వినిపిస్తుంది. కానీ చెయ్యి కదపలేరు, నోరు పెగలదు. ఛాతీ మీద ఏదో బరువు. గది మూల ఎవరో నిలబడ్డట్టు కూడా అనిపించొచ్చు. కొన్ని క్షణాలో, ఒకటి రెండు నిమిషాలో ఉండి దానంతటదే పోతుంది. మన ఊళ్లలో దీన్ని దయ్యం పట్టిందనీ, గాలి సోకిందనీ అంటారు. తాయెత్తు కట్టిస్తారు.

అది నిద్ర పక్షవాతం. కలల నిద్రలో ఒళ్లు కదలకుండా మెదడు కట్టేసి ఉంచుతుంది. మనసు ముందు మేల్కొని, ఒళ్లు వెనక మేల్కొంటే ఇలా జరుగుతుంది. మెలకువను నడిపే ఒరెక్సిన్‌నే మనం మూసిపెట్టాం కాబట్టి ఆ రెండింటి మధ్య పొంతన ఒక్కోసారి తప్పుతుంది. ప్రమాదం లేదు. కానీ డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గిస్తారు. నవ్వినప్పుడో, ఉలిక్కిపడ్డప్పుడో మోకాళ్లు సడలిపోయినట్టు అనిపించినా చెప్పండి. నిద్రలోనే లేచి నడిచినట్టు, వంట చేసినట్టు ఇంట్లోవాళ్లు చెబితే మాత్రం ఆ మాత్ర మళ్లీ వేసుకోకుండా డాక్టరును కలవండి. పగటిపూట ఆపుకోలేని నిద్ర జబ్బు, నార్కొలెప్సీ, ఉన్నవాళ్లు ఈ రకం మాత్రలు ముట్టుకోనే కూడదు.

ఇంకో లక్షణం గురించి ఇంట్లోవాళ్లకే చెబుతున్నాను. నిద్ర మాత్ర మొదలుపెట్టాక మనిషి మరీ మూగబోయినా, “నేను లేకపోతే మీరు బాగుంటారు” లాంటి మాటలు అన్నా వాటిని మాత్ర మత్తు అనుకుని వదిలేయకండి. కొత్త మాత్రల హెచ్చరికల్లో కూడా దిగులు, చచ్చిపోవాలనే ఆలోచన పెరగవచ్చని ఉంది. అప్పులు, పంట నష్టం ఉన్న ఇంట్లో నిద్ర లేకపోవడమే దిగులుకు తొలి గుర్తు కావచ్చు. ఆ మనిషికి కావాల్సింది నిద్ర మాత్ర కాదు, దిగులుకు వైద్యం. 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పురుగుమందు, మాత్రలు రెండూ ఆ మనిషి చేతికి అందని చోట తాళం వేసి ఉంచండి.

6. ఎన్నాళ్లు వాడాలి?

యూరప్ నిద్ర వైద్యులు 2023లో ఒప్పుకున్న లెక్క ఇది: పాత రకం నాలుగు వారాలకు మించకూడదు, కొత్త రకం మూడు నెలల దాకా, కొందరికి అవసరాన్ని బట్టి ఇంకా ఎక్కువ. ఆ వైద్యులే ఈ రెండింటికంటే ముందు చేయాల్సింది మాత్ర లేని చికిత్స అన్నారు. అది చాలా మామూలుగా ఉంటుంది. ఏ రోజైనా ఒకే వేళకు లేవడం, పగలు ఎంత అలసినా మంచం మీద వాలకపోవడం, నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే చోట కూర్చోవడం, నిద్ర ఎన్ని గంటలు పడుతుందో అన్ని గంటలే మంచం మీద గడిపి మెల్లగా పెంచుకోవడం. కోతల రోజుల్లో మధ్యాహ్నం వేపచెట్టు కింద రెండు గంటలు పడుకుని రాత్రి నిద్ర రాలేదని మాత్ర మింగేవాళ్లు ముందు ఆ పగటి నిద్ర సంగతి చూసుకోవాలి.

గురక ఎక్కువగా పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, షుగర్ వల్ల రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేవాళ్లు, మోకాళ్ల నొప్పితో మెలకువ వచ్చేవాళ్లు మాత్ర మార్చినంత మాత్రాన బాగుపడరు. వాళ్లకు ముందు ఆ జబ్బుకే మందు పడాలి. గురక ఉండి ఊపిరి ఆగేవాళ్లకైతే పాత మాత్రలు కీడే చేస్తాయి.

ఇక ధర. కొత్త మాత్ర పాతదానికంటే చాలా ఖరీదు, చిన్న ఊళ్ల షాపుల్లో దొరకకపోవచ్చు. ఖరీదైనదని దాన్ని పొదుపుగా వాడి, మిగతా రాత్రులు పాతది వేసుకునేవాళ్లు రెండు మందుల ఇబ్బందీ పడతారు. కొనలేకపోతే ఆ మాట డాక్టరుతో సూటిగా అనండి. పాత మాత్రను మెట్టు మెట్టుగా దించడానికి కొత్త మాత్ర తప్పనిసరేమీ కాదు. చాలామంది అది లేకుండానే దిగారు. తగ్గిస్తున్నప్పుడు రెండూ కలిపి వేసుకోవాలో వద్దో కూడా డాక్టరే తేల్చాలి. రెండూ మత్తిచ్చేవే, కలిస్తే మత్తు ఇంకా పెరుగుతుంది.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఒక గుడ్డ సంచిలో ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ వేసుకెళ్లండి. నిద్రవీ, గ్యాస్‌వీ, దడవీ, తామరవీ, బీపీవీ అన్నీ. ఎప్పటి నుంచి వాడుతున్నారో చీటీ మీద రాసుకోండి. డాక్టరు ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి: “ఈ మాత్ర గాబా రకమా, ఒరెక్సిన్ రకమా? ఎన్ని వారాలు వాడాలి? ఆపేటప్పుడు ఎలా ఆపాలి?” మూడో ప్రశ్నకు సమాధానం రాసి ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.